కిక్కర్, మెయిన్ హెడ్డింగ్, సబ్ హెడ్డింగ్: మూడూ ఒకే మాట చెబుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది ఒడిశాలోని గజపతి జిల్లా. మా సంఘం తరఫున నెలకోసారి నాలుగు పేజీల తెలుగు పత్రిక వేస్తున్నాం, ఏ4 సైజు. ఈసారి మొదటి పేజీ వార్త ఇది: ఇక్కడి ఒక హైస్కూల్లో తెలుగు చెప్పే మాస్టారు ఏప్రిల్‌లో రిటైరయ్యారు, ఆ పోస్టులోకి ఇంకా ఎవరూ రాలేదు. పదో తరగతిలో 31 మంది ఉంటే, 23 మంది ఆదివారాలు ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లి ట్యూషన్ చెప్పించుకుంటున్నారు, మిగతావాళ్లకి ఆటో ఖర్చు కష్టం. నేను పెట్టిన హెడ్డింగ్‌లు కింద ఇస్తున్నాను. పేజీలో చూస్తే మూడూ కొట్టుకుంటున్నట్టు ఉన్నాయి. సైజులు ఎంత మార్చినా కుదరడం లేదు. ఎక్కడ తప్పు?

కిక్కర్: గజపతి జిల్లాలో తెలుగు విద్యార్థుల ఇబ్బందులు
మెయిన్: తెలుగు విద్యార్థులకు తప్పని తిప్పలు
సబ్: తెలుగు ఉపాధ్యాయుడు లేక విద్యార్థుల ఇక్కట్లు

సమాధానం:

తమ్ముడూ, సైజుల జోలికి తర్వాత వెళ్దాం, ముందు మాటలు చూడు. ఇబ్బందులు, తిప్పలు, ఇక్కట్లు. మూడు వరుసల్లో మూడు పర్యాయపదాలు పెట్టావు. 'తెలుగు' మూడుసార్లు వచ్చింది, 'విద్యార్థులు' మూడుసార్లు వచ్చింది. పాతపట్నం ఒక్కసారి కూడా రాలేదు, ఆదివారం రాలేదు, ఆటో ఖర్చు పెట్టలేక ఆగిపోయిన పిల్లలు అసలే రాలేదు. నువ్వు ప్రశ్నలో నాలుగు ముక్కల్లో చెప్పిన సంగతి నా మనసుకి పట్టింది, అదే సంగతి హెడ్డింగ్‌లో మాయమైపోయింది. మూడూ ఒకే పని చేస్తుంటే ఏ డిజైనూ వాటిని విడదీయలేదు, అందుకే సైజులు మార్చినా కుదరలేదు.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకో, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. పాఠకుడు పేజీని పైనుంచి కిందికి చదవడు. పెద్ద అక్షరాలున్న చోటికి కన్ను ముందు వెళ్తుంది. కిక్కర్ పైన ఉన్నంత మాత్రాన దాన్ని ముందు చదువుతారనుకోవద్దు. మెయిన్ హెడ్డింగ్ ముందు, ఆ తర్వాత చాలామంది కిందికి జారి సబ్ హెడ్డింగ్‌కి వెళ్తారు, కొందరు పైకెళ్లి కిక్కర్ చూసి వస్తారు, కొందరు అసలు చూడరు. అంటే మెయిన్ హెడ్డింగ్ ఒక్కటే చదివినవాడికి కూడా వార్త అర్థం కావాలి. కిక్కర్‌లో వాక్యం మొదలుపెట్టి మెయిన్‌లో పూర్తిచేసే అలవాటు కొన్ని పత్రికల్లో కనిపిస్తుంది. మెయిన్ ముందు చదివినవాడికి అది సగం వాక్యంలా తగులుతుంది కాబట్టి నువ్వు ఆ దారి పట్టొద్దు.

ఇప్పుడు ఎవరి పని ఏమిటో పంచుదాం. మెయిన్ హెడ్డింగ్ పని, ఏం జరుగుతోందో చెప్పడం. ఈ వార్త గురించి పక్కింటివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే నువ్వేమంటావు? 'విద్యార్థులకు తప్పని తిప్పలు' అనవు కదా. 'పిల్లలు తెలుగు పాఠం కోసం పాతపట్నం వెళ్తున్నారండి' అంటావు. అదే హెడ్డింగ్. సబ్ హెడ్డింగ్ పని, మెయిన్ చదివాక మనసులో లేచే మొదటి ప్రశ్నకి జవాబు చెప్పడం: ఎంతమంది, ఎలా, దానివల్ల ఏమవుతోంది. కిక్కర్ పని, ఇది ఎక్కడి సంగతో, ఏ సంగతి తాలూకుదో చెప్పడం. నీ పత్రిక పర్లాకిమిడిలోనే కాకుండా గుణుపురం, రాయగడ, బరంపురం తెలుగువాళ్ల ఇళ్లకి కూడా వెళ్తుందనుకుంటాను. అలాంటప్పుడు 'మా జిల్లాదా, పక్క జిల్లాదా' అనేది పాఠకుడికి నిజంగా అవసరమైన సమాచారం, అది కిక్కర్‌లో సరిగ్గా ఇముడుతుంది.

మెయిన్‌తో మొదలుపెడదాం. నాకు ముందు తట్టింది 'తెలుగు పాఠానికి పాతపట్నం పోవాల్సిందే'. వినడానికి గట్టిగా ఉంది, కానీ నీ లెక్క ప్రకారం 8 మంది వెళ్లడం లేదు కదా, కాబట్టి 'పోవాల్సిందే' అనడం నిజం కాదు. వాళ్లలో ఒక పిల్ల తండ్రి పత్రిక చేతిలోకి తీసుకుంటే, 'మా అమ్మాయి పోవడం లేదే' అని ఆగిపోతాడు. హెడ్డింగ్‌లో వార్తకంటే ఒక్క పిసరు ఎక్కువ చెప్పినా దొరికిపోతాం, చిన్న ఊళ్లో నడిచే పత్రికకైతే మరీను. రెండోది 'తెలుగు పాఠానికి సరిహద్దు దాటాలి'. దీనికీ అదే జబ్బు, పైగా పాతపట్నం అనే పేరు పోయింది. పేరు ఉంటే మీ వైపు వాళ్లకి దూరం కళ్లకి కడుతుంది. కొరాపుట్, జయపురం వైపు పాఠకులే నీకు ఎక్కువమంది ఉంటే మాత్రం, పాతపట్నం ఆంధ్రాలో ఉందని వాళ్లకి వెంటనే తట్టకపోవచ్చు, అప్పుడు సరిహద్దు అనే మాట ఎక్కడో ఒకచోట తేవాలి. నీ పాఠకుల్లో ఎక్కువమంది గజపతి వాళ్లే అనుకుని నేను ఇక్కడ ఆగాను:

తెలుగు పాఠానికి
పాతపట్నం ప్రయాణం

'ప్రయాణం' అంటే వెళ్తున్నవాళ్లు ఉన్నారని మాత్రమే చెప్పినట్టు, అందరూ వెళ్తున్నారని కాదు. రెండు వరుసల్లోనూ ఏడేసి అక్షరాలు, కాబట్టి విరుపు దానంతటదే కుదిరింది. వరుస విరిచేటప్పుడు మాట అర్థం ఎక్కడ ఆగుతుందో అక్కడే విరవాలి. 'తెలుగు' అని పై వరుసలో ఒక్కటే వదిలేసి 'పాఠానికి పాతపట్నం ప్రయాణం' అని కింద పెడితే, పై వరుస చదివినవాడికి చేతిలో ఏమీ ఉండదు. విశేషణాన్ని ఒక వరుస చివర వేలాడదీసి దాని నామవాచకాన్ని కింద వరుసలోకి తోసేయడం తెలుగు హెడ్డింగుల్లో చాలా ఎక్కువగా కనిపించే లోపం.

ఇక సబ్ హెడ్డింగ్. నీ వార్తలో బలమైన ముక్క ఆ 8 మంది. నువ్వు దాన్ని 'మిగతావాళ్లకి ఆటో ఖర్చు కష్టం' అని చివర్లో అనేశావు. మెయిన్ చదివినవాడు వెంటనే 'ఎంతమంది వెళ్తున్నారు, అందరికీ కుదురుతోందా' అనుకుంటాడు. జవాబు ఇది:

పదో తరగతిలో ఆదివారాలు ట్యూషన్‌కి వెళ్తున్నది 23 మంది. ఆటో ఖర్చు పెట్టలేక ఆగిపోయింది 8 మంది

ఇందులో మెయిన్‌లోని మాట ఒక్కటీ తిరిగి రాలేదు చూడు. తెలుగు లేదు, పాఠం లేదు, పాతపట్నం లేదు. పైదాన్ని ఆనుకుని ముందుకి నడిచింది. ఒక్క జాగ్రత్త: ఆ 8 మందిలో అందరూ డబ్బు వల్లే ఆగారా అన్నది నువ్వు ఇళ్లకెళ్లి అడిగి రూఢి చేసుకో. ఒకరిద్దరు వేరే కారణంతో ఆగి ఉంటే 'ఆటో ఖర్చు పెట్టలేక' అని 8 మందికీ అంటగట్టడం కుదరదు, అప్పుడు 'వెళ్లలేకపోతున్నది 8 మంది' అని మార్చు. హెడ్డింగ్‌లో ఉన్న ప్రతి అంకె వార్త లోపల కూడా కనిపించాలి, లోపల 22 అనీ పైన 23 అనీ ఉంటే ఎంత అందమైన పేజీ అయినా పోయినట్టే.

ఏప్రిల్ ఏమైంది అంటావేమో. మూడు వరుసల్లో అన్నీ ఇరికించాలని చూడకు, ఏప్రిల్‌లో రిటైరైన సంగతి వార్త మొదటి వాక్యంలో చెప్పు. మాస్టారు లేరన్న కారణం మాత్రం పైనే ఉంటే మంచిది, పిల్లలు ఎందుకు వెళ్తున్నారో దాంతో తెలుస్తుంది. దాన్ని జిల్లా పేరుతో కలిపి కిక్కర్‌కి ఇచ్చాను:

గజపతి జిల్లా: మాస్టారు లేని బడి

'ఉపాధ్యాయుడు' తీసేసి 'మాస్టారు' ఎందుకు పెట్టానంటే, చోటు తక్కువ పడుతుంది, పైగా మీ ఊళ్లో అందరూ అనేది అదే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పి, వాడుక భాష కోసం పోరాడిన పర్లాకిమిడి మీ జిల్లాలోదే. అక్కడ అచ్చయ్యే పత్రిక హెడ్డింగ్‌లో జనం మాట్లాడే మాట పెట్టడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇలా మాటలు తేలాక మూడు రకాలుగా చదివి చూడు. మెయిన్ ఒక్కటే చదువు, వార్త తెలుస్తోందా? మెయిన్ తర్వాత సబ్ చదువు, కొత్త సంగతి ఏదైనా తోడైందా? కిక్కర్ మీద వేలు పెట్టి మూసేసి మళ్లీ చదువు. మూసినా అర్థం చెడకూడదు, తెరిస్తే ఏదో ఒకటి తెలియాలి. తెరిచినా కొత్తగా ఏమీ తెలియకపోతే ఆ కిక్కర్ తీసేయ్, ఆ చోటు మెయిన్‌కి ఊపిరి ఆడటానికి పనికొస్తుంది.

ఇప్పుడు పేజీ. ఏ4 వెడల్పు 210 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 15 చొప్పున మార్జిన్ వదిలితే 180 మిగులుతుంది. మూడు కాలమ్‌లు, మధ్య 5 మిల్లీమీటర్ల సందు. అప్పుడు రెండు కాలమ్‌ల వెడల్పు సుమారు 118 మిల్లీమీటర్లు. మూడో కాలమ్‌లో ఫొటో పెట్టి, ఈ సెట్‌ని మొదటి రెండు కాలమ్‌ల మీద ఎడమకి ఆనించి కూర్చోబెట్టు. బాడీ 11 పాయింట్లు అనుకుంటే, మెయిన్‌కి 48 పాయింట్ల దగ్గర మొదలుపెట్టు, సబ్‌కి 18, కిక్కర్‌కి 16. ఫాంట్‌ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. నీ ఫాంట్‌లో ఆ వెడల్పుకి ఎన్ని అక్షరాలు పడతాయో ఒకసారి మామూలు వాక్యం ఒకటి కొట్టి లెక్కపెట్టి రాసిపెట్టుకో, ప్రతి నెలా పనికొస్తుంది. లెక్కపెట్టేటప్పుడు గుణింతంతో, వత్తుతో కలిపి ఒక అక్షరం అనుకో, కానీ 'ఘ', 'మ', 'య' లాంటివి ఎక్కువ చోటు తింటాయని గుర్తుంచుకో.

మెయిన్‌కీ మిగతా రెండింటికీ మధ్య తేడా ఎంత ఉండాలంటే, అనుమానం రానంత. మెయిన్ 40 పెట్టి సబ్ 30 పెడితే రెండు పెద్ద హెడ్డింగ్‌లు పోటీ పడతాయి, నీ పేజీలో జరుగుతున్నది ఇదే అయి ఉంటుంది. చిన్నవి రెండూ మెయిన్‌లో సగానికి మించకుండా చూడు. అవి రెండూ దాదాపు ఒకే సైజులో ఉన్నాయి కాబట్టి బరువుతో విడదీయాలి: కిక్కర్ బోల్డ్, సబ్ మామూలు. కిక్కర్ పొడవు మెయిన్ వరుసలో సగమో, ఇంకాస్త ఎక్కువో చాలు. మెయిన్ అంత పొడవు సాగిందంటే అది కిక్కర్‌గా కనిపించదు, ఇంకో హెడ్డింగ్‌లా కనిపిస్తుంది. నీ పాత కిక్కర్ 'గజపతి జిల్లాలో తెలుగు విద్యార్థుల ఇబ్బందులు' సరిగ్గా అలా సాగింది.

ఫాంట్‌ల విషయం త్వరగా చెప్పేస్తాను. మెయిన్‌కి Ramabhadra బాగుంటుంది, ఉచితంగా దొరుకుతుంది, పుట్టుకతోనే లావు అక్షరం. దానికి ఒకటే బరువు ఉంది కాబట్టి దాని మీద మళ్లీ బోల్డ్ బటన్ నొక్కొద్దు. సాఫ్ట్‌వేర్ గీతల్ని బలవంతంగా లావు చేస్తుంది, అక్షరాల లోపలి సందులు పూడుకుపోతాయి. కిక్కర్, సబ్ రెండింటికీ Noto Sans Telugu తీసుకో, దానిలో చాలా బరువులు ఉన్నాయి కాబట్టి ఒకే కుటుంబంలో బోల్డూ మామూలూ రెండూ దొరుకుతాయి. ఒక సెట్‌లో రెండు ఫాంట్‌లు చాలు. InDesign లో చేస్తుంటే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి రావచ్చు.

తెలుగు హెడ్డింగ్‌లో అందరూ దెబ్బతినేది వరుసల మధ్య ఖాళీ దగ్గర, దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. ఇంగ్లీషు పత్రికలు చూసి రెండు వరుసల్ని దగ్గరగా బిగిస్తాం. ఇంగ్లీషు అక్షరం కింద వేలాడేది తక్కువ. మనకి పై వరుస వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుడులూ ఏత్వాలూ పైకి లేస్తాయి, రెండూ మధ్యలో ఢీకొంటాయి. నీ పాత హెడ్డింగ్‌నే రెండు వరుసలుగా పెట్టి చూడు: పైన 'విద్యార్థులకు', అందులో ద్యా కింద వత్తు, ర్థు కింద వత్తు. కింద 'తప్పని తిప్పలు', అందులో ని మీద గుడి, తి మీద గుడి. దాదాపు ఆ వత్తుల కిందికే ఈ గుడులు వస్తాయి. కొత్త హెడ్డింగ్‌లో మొదటి వరుస 'తెలుగు పాఠానికి' అడుగున వత్తు ఒక్కటీ లేదు. రెండో వరుస 'పాతపట్నం ప్రయాణం'లో పైకి లేచే గుడి ఒక్కటీ లేదు. కాబట్టి దీన్ని వరుస నుంచి వరుసకి 56 పాయింట్ల లీడింగ్‌తో బిగించినా తగలకపోవచ్చు, అదే నీ పాతదానికి 64 అయినా కావాల్సి వచ్చేది. లీడింగ్‌ని ఆటోలో వదలకుండా అంకె వేసి పెట్టు, తెర మీద 400 శాతానికి పెంచి ఒక్కో వత్తు కిందా చూడు. ఎక్కడైనా తగులుతుంటే మొత్తం వరుసల్ని దూరం జరిపే ముందు ఒక మాట మార్చి చూడు, చాలాసార్లు అదే తేలిక. 'రాష్ట్రం' లాంటి రెండు వత్తుల మాట మాత్రం పై వరుసలో పెట్టకుండా ఆఖరి వరుసకి తేవడం మంచిది.

అదే లెక్క కిక్కర్‌కీ మెయిన్‌కీ మధ్య కూడా. 'జిల్లా'లోనూ 'మాస్టారు'లోనూ వత్తులున్నాయి, వాటి కింద 'తె' ఎత్వం, 'ని', 'కి' గుడులు ఉన్నాయి. ఖాళీని కిక్కర్ అక్షరాల అడుగు నుంచి కాకుండా వత్తు అడుగు నుంచి కొలువు. అలా అని మరీ దూరం జరిపితే కిక్కర్ పైన ఉన్న వార్తదో ఏమో అన్నట్టు తేలిపోతుంది. సెట్ చుట్టూ ఉన్న ఖాళీ ఎప్పుడూ సెట్ లోపలి ఖాళీ కంటే ఎక్కువ ఉండాలి, అప్పుడే ఈ మూడూ ఒక కుటుంబమని కంటికి తెలుస్తుంది. సబ్ పైన కూడా 'ట్నం' వత్తుకి, 'ప్ర' కింద చుట్టుకునే దానికి చోటు వదులు.

హెడ్డింగ్ పట్టకపోతే అక్షరాల్ని అడ్డంగా నొక్కే అలవాటు చాలా చోట్ల ఉంది. తెలుగు అక్షరం గుండ్రం, 90 శాతం కంటే కిందికి నొక్కావంటే అందం పోవడం పక్కన పెట్టు, చదవడమే కష్టం. పట్టకపోతే మాట మార్చు, లేదా రెండు పాయింట్లు తగ్గించు. కిక్కర్‌ని నల్లపట్టీ మీద తెల్ల అక్షరాలతో వేయాలని ఉంటుంది, నాకూ ఆ రూపం ఇష్టమే, కానీ మామూలు న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి 16 పాయింట్ల వత్తులు పూడుకుపోతాయి. నల్ల అక్షరాలే ఉంచి కింద సన్నగీత ఒకటి వెయ్, చాలు.

ఇంకొక సంగతి, నీ పత్రిక కాగితం మీద ఎంతమంది చదువుతారో, వాట్సాప్‌లో పేజీ బొమ్మగా అంతకంటే ఎక్కువమంది చూస్తారు. ఫోను తెర వెడల్పు సుమారు 70 మిల్లీమీటర్లు, అంటే నీ పేజీలో మూడో వంతు. 48 పాయింట్ల మెయిన్ అక్కడ 16 పాయింట్లలా కనిపిస్తుంది, 18 పాయింట్ల సబ్ 6 అవుతుంది, కిక్కర్ అయిదు చిల్లర. జూమ్ చేయకుండా చదవగలిగేది మెయిన్ ఒక్కటే. 'తప్పని తిప్పలు' అని ఉంటే వేలితో జరిపేసి వెళ్లిపోతారు, 'పాతపట్నం ప్రయాణం' అంటే ఎవరి ప్రయాణమో చూద్దామని పెద్దది చేసుకుంటారు. ప్రెస్సుకి పంపే ముందు పేజీని నీ ఫోనుకే పంపుకుని ఒకసారి చూడు, లేజర్ ప్రింట్ కూడా అసలు సైజులో ఒకటి తీసి గోడకి అంటించి గది అవతలి నుంచి చూడు. మెయిన్ ముందు కనిపించి, మిగతా రెండూ దానికి ఒదిగి ఉంటే సరే. మెయిన్‌తో పాటు ఇంకోటి కూడా ఒకేసారి కళ్లలో పడితే చిన్నవాటిని ఇంకో రెండు పాయింట్లు తగ్గించు.

మూడు అంతస్తుల ఈ సెట్ పేజీలో పై వార్తకి ఒక్కదానికే ఇవ్వు. రెండో వార్తకి 28 పాయింట్ల హెడ్డింగూ ఒక సబ్ హెడ్డింగూ చాలు, అడుగున ఒక కాలమ్‌లో వచ్చే చిన్నవాటికి 18 పాయింట్ల హెడ్డింగ్ ఒక్కటే పెట్టు. ఆ 8 మంది సంగతి అడిగి తెలుసుకున్నాక సబ్ హెడ్డింగ్‌లో అంకె మారితే ఇక్కడే రాయి, వరుసలు మళ్లీ సరిచూద్దాం.